"మళ్లీ పుడతారులే" అని ఎలా రాయగలిగారు?

పొద్దున్న మా సీతమ్మధార అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ చూసి చేతులు వణికాయి. మూడో అంతస్తు వాళ్ల నాలుగేళ్ల పాప పోయి ఇంకా వారం కాలేదు. ఒక పెద్దాయన రాశారు: "దేవుడికి నచ్చిన పువ్వును తీసుకెళ్లాడు. మీరింకా చిన్నవాళ్లే, మళ్లీ పుడతారు. ధైర్యంగా ఉండండి." కింద ఇరవై మంది దండాలు. ఆ గ్రూపులో పాప అమ్మ కూడా ఉంది, అన్నీ చదువుతోంది!

మళ్లీ పుట్టేది ఇంకో బిడ్డండీ, ఈ పాప కాదు. ఆమెకి కావలసింది ఈ పాపే. పైగా దేవుడికి నచ్చిందంటే, మరి ఆ అమ్మకి నచ్చలేదా? ధైర్యంగా ఉండమంటే, మా ముందు ఏడవకు అని చెప్పినట్టే కదా.

అంతకన్నా ఘోరం "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది" అన్న మాట. ఆ తల్లిదండ్రులు రాత్రంతా తమను తాము ప్రశ్నించుకుంటున్నదే అది. పరామర్శ పేరుతో అదే ప్రశ్న మళ్లీ వాళ్ల మీద వేయడమేంటి? ఏమైంది, ఎలా జరిగింది అని కూడా అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

మా అక్క బాబు పోయినప్పుడు మా బంధువులే "రుణం తీరిపోయింది, వెళ్లిపోయాడు" అన్నారు. తొమ్మిదేళ్లయింది, అక్క ఇప్పటికీ వాళ్ల గడప తొక్కదు. నేనూ తొక్కను. చిన్నపిల్లలకి మా ఇళ్లలో పెద్దకర్మ లాంటివి చేయరు, మూడో రోజుకే రాకపోకలు ఆగిపోయాయి. ఆ తర్వాత బాబు పేరు ఎత్తినవాళ్లే లేరు. గుర్తు చేస్తే బాధపడుతుందని అందరూ అనుకున్నారట. అక్క మర్చిపోతే కదా గుర్తు చేయడానికి!

బాబు వెళ్లిన బాలబడి ఆయా మాత్రం ఒక కాగితం ముక్క మీద రాసి పంపింది. బాబు పేరు రాసి, "రోజూ నా కొంగు పట్టుకుని మెట్లు దిగేవాడమ్మా, ఇవాళ దిగుతుంటే చెయ్యి ఖాళీగా ఉంది" అంది. అంతే. ఓదార్పు లేదు, సలహా లేదు. ఆ కాగితం అక్క బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది.

అందుకే మూడో అంతస్తు వాళ్లకి నేను గ్రూపులో రాయలేదు, విడిగా చీటీ రాశాను. ముందు పాప పేరు. తర్వాత, "ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండాయనతో ఉల్లిపాయ వద్దని గొడవపడేది, నాకు ఆ గొంతే వినిపిస్తోంది. నాకు మాటలు రావట్లేదు. శుక్రవారం రాత్రి భోజనం క్యారియర్‌లో మీ తలుపు దగ్గర పెడతాను, బెల్ కొట్టను. జవాబు రాయక్కర్లేదు." ఏదైనా అవసరమైతే చెప్పండి అని రాయలేదు, ఎందుకంటే ఆ స్థితిలో ఎవరూ అడగరు. పాప పుట్టినరోజు ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాను, ఆ రోజు మళ్లీ రాస్తాను.

ఆ పెద్దాయన మెసేజ్ ఇంకా గ్రూపులోనే ఉంది. అంకుల్, మీరు ఇది చదువుతుంటే దయచేసి తీసేయండి, ఆమె మళ్లీ ఫోన్ తెరిచేలోపు.