చీర రంగు మారిస్తే ముఖం ఎందుకు మారింది?

బెంగళూరు మారతహళ్లిలో మా స్నేహితుడికి చిన్న డిజైన్ షాపు ఉంది. ఒక అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం వాళ్లు ఉగాది ఆహ్వానపత్రిక అడిగితే ఫోన్‌లో ఒక ఏఐ యాప్‌తో బొమ్మ చేశాడు. పచ్చ చీర కట్టుకుని ఉగాది పచ్చడి కుండ పట్టుకున్న అమ్మాయి. అందరికీ నచ్చింది, చీర ఒక్కటి పసుపు రంగులో కావాలన్నారు. యాప్‌కు రాసిచ్చిన వివరణలో, అంటే ప్రాంప్ట్‌లో, ఆ ఒక్క మాట మార్చాడు. వేరే అమ్మాయి, వేరే ఇల్లు, వేరే కుండ వచ్చాయి. మాట తీసేసి పాత ప్రాంప్టే మళ్లీ పెట్టినా పాత బొమ్మ రాలేదు. "అమ్మాయి మొహమే మారిపోయిందేంటి బాబూ?" అని సంఘం పెద్దాయన అడిగితే మావాడి దగ్గర సమాధానం లేదు.

ఇలాంటప్పుడు అందరూ ప్రాంప్ట్ రాయడం రాలేదంటారు. నేను ఒప్పుకోను. తప్పు ఆ యాప్‌ది.

మాటల నుంచి బొమ్మలు చేసే స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి ఏఐ మోడల్ తెల్లకాగితం మీద బొమ్మ గీయదు. ముందు అర్థంలేని చుక్కల గోల ఒకటి తీసుకుంటుంది. దీన్నే నాయిస్ అంటారు. మబ్బులో మనకు ఏనుగు కనిపించినట్టు, ప్రాంప్ట్‌లోని మాటల ఆసరాతో అది ఆ గోలలో అమ్మాయిని వెతుకుతుంది. ఇరవై, ముప్పై అడుగుల్లో కొంచెం కొంచెంగా గోల తీసేస్తుంది. 1.5 వెర్షన్‌లో 512×512 బొమ్మకు ఈ మొదటి గోల 16,384 సంఖ్యలు. "తెలుగు అమ్మాయి" అన్న రెండు మాటలు తల ఎటు తిరగాలో, కిటికీ ఎక్కడుండాలో చెప్పవు. చెప్పని వాటన్నిటినీ ఆ సంఖ్యలే తేలుస్తాయి. మబ్బు మారితే ఏనుగు మారినట్టే.

ఆ సంఖ్యలు కూడా గాలిలోంచి రావు. సీడ్ అనే ఒక్క అంకె నుంచి కంప్యూటర్ వాటిని పుట్టిస్తుంది. సీడ్ అదే అయితే మబ్బు అదే. చాలా ప్రోగ్రాముల్లో `Seed` గడిలో `-1` ఉంటుంది. ప్రతిసారీ కొత్త అంకె తీసుకోమని దానర్థం. బొమ్మలు మారుతున్నది అందుకే.

మావాడు షాపు కంప్యూటర్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. నచ్చిన బొమ్మ దొరికేదాకా `-1` ఉంచి, దొరికాక దాని సీడ్ 4127ను గడిలో పెట్టి చీర రంగు మార్చాడు. ఈసారి అమ్మాయి దాదాపు అదే, కానీ కుండ పక్కకు ఒరిగింది, గోడకూ కాస్త పసుపు అంటుకుంది. ప్రాంప్ట్‌లోని ప్రతి మాటా ప్రతి అడుగులోనూ మొత్తం బొమ్మ మీద పనిచేస్తుంది కాబట్టి సీడ్ ఒక్కటే సరిపోదు. అప్పుడు బొమ్మలో కొంత భాగాన్నే మళ్లీ గీయించే ఇన్‌పెయింట్‌లో చీర మీద మాత్రమే మాస్క్ వేశాడు, అంటే మార్చాల్సిన చోటు గుర్తుపెట్టాడు. ఆ చోటు ఎంత మారాలో చెప్పే `Denoising strength` 0.3 పెడితే పచ్చదనం పోలేదు, 0.9 పెడితే మడతలన్నీ కొత్తవైపోయాయి. 0.6 దగ్గర కుదిరింది. ముఖం మాస్క్ బయట ఉంది కనుక చెక్కుచెదరలేదు.

సీడ్‌తో పాటు మోడల్, గోల తీసే పద్ధతైన శాంప్లర్, అడుగుల సంఖ్య, కొలతలు కూడా అవే ఉండాలి. 512×512ను 512×768 చేస్తే సీడ్ అదే అయినా నాయిస్ వేరు. `Euler a` శాంప్లర్ ప్రతి అడుగులోనూ కొంత గోల కలుపుతుంది కాబట్టి 20 అడుగుల బొమ్మ 30 అడుగులకు వేరే బొమ్మ కావచ్చు. మామూలు `Euler` అంతగా మారదు. గ్రాఫిక్స్ కార్డు మారినా చిన్న తేడాలు రావచ్చు. ఇక అదే అమ్మాయి వేరే సీన్‌లో కావాలంటే సీడ్ చేయగలిగింది తక్కువ. దానికి ఆ అమ్మాయిని మోడల్‌కు విడిగా నేర్పే లోరా లాంటివి కావాలి.

ఈ వైవిధ్యంలోనే సృజన ఉందనీ, అన్నీ ఒకేలా వస్తే జిరాక్స్ మెషీన్‌కూ దీనికీ తేడా ఏముందనీ కొందరంటారు. వెతికేటప్పుడు అది నిజమే, మావాడూ అలాగే వెతికాడు. కానీ కస్టమర్ ఒక బొమ్మను ఒప్పుకున్నాక ఇంకా మారుతూ ఉంటే అది పాడైన పని.

నా అసలు కోపం సీడ్‌ను దాచే యాప్‌ల మీద. లోపల ఆ అంకె వాటికి ఉంటుంది. స్క్రీన్ మీద ఒక గడి పెడితే చాలు. పెట్టకపోతే చిన్న షాపువాడు మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతాడు, నొక్కిన ప్రతిసారీ క్రెడిట్లు కరుగుతాయి. డబ్బు కట్టి చేయించుకున్న బొమ్మను మళ్లీ తెచ్చుకునే అంకె కట్టినవాడిదే. మాస్క్ కూడా లేకుండా నెలనెలా చందా తీసుకోవడం అన్యాయం.

మావాడి కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ ఈ వివరాలన్నీ పీఎన్‌జీ ఫైల్‌లోనే రాసి ఉంచుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి పోతాయి కాబట్టి అసలు ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లో దాస్తున్నాడు. కొత్త యాప్ అమ్మడానికి షాపుకొచ్చేవాళ్లను ఇప్పుడు అతను మొదట అడిగేది ధర కాదు, సీడ్ గడి ఎక్కడుందో చూపించమని.