ముందస్తు నోటీసు లేని జ్వరం

మా తందూరి మాస్టర్‌కి ఆదివారం ఉదయం 9:50కి జ్వరం వచ్చింది. నిజానికి ఒంట్లోకి శనివారం రాత్రే వచ్చిందట. మా వాట్సాప్ గ్రూపులోకి మాత్రం 9:50కి వచ్చింది. "సార్ ఫీవర్. ఈరోజు రాలేను." నాలుగే మాటలు. ఈ నాలుగు మాటలు చదవడానికి మా ఓనరు గారికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

బెజవాడలో, బెంజ్ సర్కిల్‌కి కూతవేటు దూరంలో, మే నెల ఆదివారం మధ్యాహ్నం నడిచే హోటల్ అది. డ్యూటీ చార్ట్ రాసే పాపం నాది. ఊరంతా ఏసీ కోసం ఇళ్లలోంచి బయటపడి పన్నెండున్నరకి మా గుమ్మంలో నిలబడుతుంది, మూడింటికి గానీ కదలదు. మళ్లీ ఏడున్నర నుంచి పది దాకా అదే వరస. అంటే మెసేజ్ వచ్చేసరికి నా చేతిలో రెండు గంటల నలభై నిమిషాలున్నాయి. చార్ట్ సర్దడానికి ఇరవై నిమిషాలు చాలు. మిగతా సమయమంతా ఫోన్లు ఎత్తేవాళ్లు ఎత్తడానికి.

కానీ మన రంగంలో చార్ట్ సర్దడం రెండో పని. మొదటి పని దర్యాప్తు.

"నిజంగా జ్వరమేనా?" అన్నారు ఓనరు గారు, కేసు తన దగ్గరికే వచ్చిన పాత డీఎస్పీలా కుర్చీ లాక్కుంటూ. ముందు థర్మామీటర్ ఫోటో అడిగారు. ఫోటో వచ్చింది, 101.8. "ఇది ఎవరిదైనా కావొచ్చు" అన్నారు. ముఖమూ థర్మామీటరూ ఒకే ఫోటోలో ఉండాలన్నారు. అదీ వచ్చింది. అందులో మాస్టర్ ముఖం కనిపిస్తోంది, థర్మామీటర్ కనిపిస్తోంది, అంకె కనిపించట్లేదు. ఓనరు గారు రెండు వేళ్లతో ఆ ఫోటోని ఎంత పెద్దది చేశారంటే చివరికి మాస్టర్ ముక్కు ఒక్కటే మిగిలింది. ఆ ముక్కుని కాసేపు పరిశీలించి, "జలుబు లేదే!" అన్నారు.

తర్వాత వీడియో కాల్. దగ్గమన్నారు. జ్వరమండీ, దగ్గు కాదండీ అన్నాడు ఆయన. "ఏ జ్వరానికైనా కొంచెం దగ్గుంటుందయ్యా" అని వైద్యశాస్త్రానికి ఒక కొత్త అధ్యాయం చేర్చారు ఓనరు గారు. ఇక సాక్షుల విచారణ. మాస్టర్ సొంతూరు బరంపురం అవతల. వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేశారు. అన్నయ్యకి తెలుగు రాదు, ఓనరు గారికి ఒడియా రాదు. చైనీస్ మాస్టర్ది కూడా ఆ వైపే కాబట్టి ఆయన్ని దుబాసీగా పిలిచారు. ఆయన నూడుల్స్ ఉడకేసి వచ్చాడు. అన్నయ్య ఏదో చాలాసేపు చెప్పాడు. "ఏమంటున్నాడు?" అంటే, "తమ్ముడికి ఏమైందని ఏడుస్తున్నాడండీ" అన్నాడు చైనీస్ మాస్టర్. అప్పటికి నూడుల్స్ గంజి అయ్యాయి. టైము 11:10.

ఈలోగా ఏం జరిగిందో చెబుతాను. పార్సిల్ కౌంటర్లో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు మా దగ్గర. ఆరు నెలలుగా ఖాళీ దొరికినప్పుడల్లా తందూరి మాస్టర్ పక్కన నిలబడి రోటీ కొట్టడం, నాన్ అంటించడం నేర్చుకున్నాడు. ఆదివారం వాడి డ్యూటీ మధ్యాహ్నం మూడున్నర నుంచి. ఉదయం పదింటికి కృష్ణలంకలో ఇంట్లోనే ఉన్నాడు, ఫోన్ కొడితే ఎత్తేవాడు. 11:10కి కొడితే గుంటూరు బస్సులో ఉన్నాడు. పిన్నిగారింట్లో గృహప్రవేశం, భోంచేసి డ్యూటీ టైముకి వచ్చేస్తానన్నాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. సెలవు పూట మనిషి ఇంట్లో కూర్చుని మన జ్వరాల కోసం కాపు కాయడు.

వాడు దొరికి ఉంటే లెక్క ఎంత తేలికో చూడండి. మా వారం సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. కాబట్టి ఆదివారం పొద్దున్నకి అందరి ఖాతాలూ దాదాపు నిండిపోయి ఉంటాయి. రోజుకి ఎనిమిది చొప్పున ఐదు రోజులు చేసినవాడు 40 గంటల మీద ఉంటాడు, ఆ రోజు డ్యూటీ దిగేసరికి 48. అది దాటిన ప్రతి గంటకీ రెట్టింపు కూలి. చట్టం చెప్పేది అదే, ఓటీ అంటే అదే. అయితే మంగళవారం, గురువారం బేరాల్లేక ఈ కుర్రాణ్ణి రెండేసి గంటల ముందే పంపేశాను. వాడు 36 మీద ఉన్నాడు. ఇది హాజరు పుస్తకంలో ఉంది. హాజరు పుస్తకం ఓనరు గారి మోచేతి కింద ఉంది.

రెండో విషయం. తందూరి మాస్టర్ డ్యూటీ ఎనిమిది గంటలు కదా అని ఎనిమిది గంటల మనిషిని వెతకక్కర్లేదు. చికెన్ శనివారం రాత్రే మసాలాలో ఊరుతోంది. పిండి హెల్పర్ కలుపుతాడు. బొగ్గు పదకొండున్నరకి వాడే అంటిస్తాడు, గంటలో భట్టీ కాగుతుంది. చెయ్యి తిరిగినవాడు కావలసింది రద్దీలో రెండున్నర గంటలు, మళ్లీ రాత్రి రెండున్నర గంటలు. మెనూలో కుల్చా, స్టఫ్డ్ నాన్ తీసేసి, డెలివరీ యాప్‌లలో కూడా ఆపేసి, రోటీ, బటర్ నాన్, టిక్కా, తందూరి చికెన్ ఉంచితే కుర్రాడు మోయగలడు. పన్నెండున్నర నుంచి మూడు, ఇంటికెళ్లి పడుకుని మళ్లీ ఆరు నుంచి పదిన్నర. మొత్తం ఏడు గంటలు. 36కి ఏడు కలిపితే 43. మూడున్నర నుంచి ఆరు దాకా పార్సిల్ కౌంటర్లో ఈగలు తోలే పని క్యాషియర్ చేస్తాడు. రాత్రి ప్యాకింగ్‌కి పొద్దుటి ప్యాకింగ్ అబ్బాయి ఉన్నాడు. పది నుంచి ఆరు దాకా ఉండాల్సిన వాణ్ణి మూడున్నరకి పంపేసి ఏడున్నరకి రమ్మంటే పదింటికి వాడి ఎనిమిది గంటలు నిండుతాయి. ఆటో ఛార్జీ ఇచ్చి, అడగాలి. అడిగితే వస్తాడు. ఓటీ సున్నా.

సరే, బస్సు పోయింది. పోయినా మునిగింది లేదు. టిఫిన్ మాస్టర్ ఉన్నాడు, రోటీ కొట్టడం వచ్చు. ఆయన డ్యూటీ ఉదయం ఆరు నుంచి రెండు. పదకొండుకి టిఫిన్లు అయిపోతాయి, ఆ తర్వాత సాయంత్రానికి పప్పులు నానబెట్టడం, చట్నీలకి వేయించడం, అంతే. ఆ పని హెల్పర్లకి ఇచ్చి పన్నెండున్నర నుంచి భట్టీ దగ్గర నిలబెడితే, రెండు నుంచి మూడు దాకా ఒక్క గంట అదనం. మూడున్నరకి కుర్రాడు గుంటూరు నుంచి దిగుతాడు, రాత్రి వాడు చూసుకుంటాడు. టిఫిన్ మాస్టర్ జీతం నెలకి 20,800. 26 రోజులకి భాగిస్తే రోజుకి 800, గంటకి 100. ఓటీ గంటకి 200. మొత్తం ఆదివారం సంక్షోభం ఖరీదు రెండొందల రూపాయలు. బిల్లు బుక్కు వెనక రాసి చూపించాను.

ఓనరు గారు చూశారు. "ఈ సగం సగం గొడవలెందుకు? టిఫిన్ మాస్టర్ని డబుల్ కొట్టమను" అన్నారు.

డబుల్! ఎంత పొదుపైన మాట. అక్షరాలు మూడు, ఆలోచన ఒక్కటీ లేదు. ఉదయం ఆరింటికి ఇడ్లీ పాత్ర ఎత్తిన మనిషి రాత్రి పదింటికి నాన్ తీయాలి. ఆయనకి రెండింటికే 48 నిండాయి. ఆ తర్వాతవన్నీ ఓటీ గంటలే, ఎనిమిది, అంటే 1,600 రూపాయలు. ఓటీ తగ్గించమని నాకు వారం వారం క్లాసు పీకే పెద్దమనిషి తన నోటితో తానే ఎనిమిది గంటలు పుట్టించాడు.

కాదు, పుట్టించలేదు. ఆయన లెక్క వేరు. డబుల్‌కి ఇచ్చేది "ఇంకో డ్యూటీ" డబ్బు, 800. మిగతా 800 గాల్లో కలిసిపోతుంది. ఓటీ తగ్గించడమంటే ఆయన భాషలో గంటలు తగ్గించడం కాదు, చెల్లించడం తగ్గించడం. దీనికి తెలుగులో ఇంకో మాట ఉంది, పత్రికలో రాయొచ్చు: దొంగతనం.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. వీడియో కాల్‌లో మాస్టర్ సిగ్గుపడుతూ ఒక మాటన్నాడు, తెల్లవారుజాము నుంచి వాంతులు, విరేచనాలు కూడా అవుతున్నాయని. ఓనరు గారి ముఖం వెలిగింది. "ఓస్, అంతేనా? మజ్జిగలో ఉప్పేసుకుని తాగి వచ్చెయ్. భట్టీ దగ్గర నిలబడొద్దులే. కూర్చుని పిండి కలుపు చాలు."

పిండి కలుపు! చేత్తో! విరేచనాలవుతున్న మనిషి చేత మూడొందల మంది తినే పిండి కలిపిస్తావా? గోడమీద ఫ్రేము కట్టించి పెట్టుకున్నావే ఆహార భద్రత లైసెన్సు, దాని నిబంధనల్లో ఉంది కదా, అంటుజబ్బున్నవాణ్ణి వంటగదిలోకి రానివ్వకూడదని. వాంతులు, విరేచనాలు ఆగిపోయాక కూడా 48 గంటలు తిండి ముట్టుకోకుండా దూరంగా ఉండాలి. ఆ 48 ఎవడికీ గుర్తుండదు. ఇంకో సంగతి, హాజరు పుస్తకం నీ మోచేతి కిందే ఉంది, ఒక్కసారి తీసి తందూరి మాస్టర్ వరస చూడు. శుక్రవారం పెళ్లి ఆర్డరని డబుల్. శనివారం మళ్లీ డబుల్. బయట బెజవాడ ఎండ, లోపల నాలుగొందల డిగ్రీల భట్టీ. ఆదివారం తెల్లవారేసరికి ఆ మనిషి వారానికి 56 గంటలు చేసి పడిపోయాడు. నువ్వు సాక్ష్యం అడుగుతున్నది ఆయన్ని!

ఇదంతా నేను పైకి అనలేదు. "హెల్పర్ కలుపుతాడండీ" అన్నాను.

రాత్రి తొమ్మిదింటికి టిఫిన్ మాస్టర్ అంటించిన నాన్ గోడకి పట్టక జారింది. పదిహేను గంటలు నిలబడ్డ మనిషికి అలవాటుగా ఊచ అందుకోవాలని తోచదు, చెయ్యి పెడతాడు. పెట్టాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. సోమవారం తెల్లవారుజామున 5:15కి గ్రూపులో మెసేజ్ వచ్చింది. "సార్ చెయ్యి కాలింది. ఈరోజు రాలేను."

ఓనరు గారు ఫోటో అడిగారు.

మధ్యాహ్నానికి కిచెన్ గుమ్మం మీద టైపు చేసిన నోటీసు ఒకటి వెలిసింది. "జ్వరం, తదితర అనారోగ్యములు వచ్చు సిబ్బంది రెండు రోజులు ముందుగా తెలియజేయవలెను." కింద అందరి చేతా సంతకాలు పెట్టించారు. టిఫిన్ మాస్టర్ కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఆయనది వేలిముద్ర.