తాళంకప్పా దారంతో సైన్స్ ఎగ్జిబిషనా అని నవ్వేవాళ్ళ కోసం

ఎగ్జిబిషన్ సీజన్ వస్తే చాలు, స్టేషనరీ షాపుల ముందు అమ్మానాన్నల క్యూ. థర్మాకోల్ షీట్లు, రెడీమేడ్ అగ్నిపర్వతం, సిరంజీలతో జేసీబీ కిట్టు. రాత్రి పన్నెండింటి దాకా నాన్న అతికిస్తాడు, అమ్మ రంగులేస్తుంది, పొద్దున్నే పిల్లాడు రాసిచ్చిన నాలుగు లైన్లు బట్టీ పట్టి అప్పజెప్తాడు. బేకింగ్ సోడాలో వెనిగర్ పోస్తే పొంగుతుందని వాడికి ముందే తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. మరి అందులో వాడు కనుక్కున్నది ఏంటి? నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, జడ్జిగా కూడా వెళ్తుంటాను, ఈ మోడళ్ళకి ప్రైజులు ఇస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి నేను చెప్పే ప్రాజెక్టు ఒక్కటే, లోలకం. ఏడో తరగతిలో ఎలాగూ చదువుకుంటారు. కావాల్సింది గట్టి నూలు దారం, చిన్న తాళంకప్ప, ఒక రబ్బరు, టేపు, ఫోన్లో స్టాప్‌వాచ్. అంతే. కానీ చేయాల్సినట్టు చేస్తేనే అందులో సరుకు ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు దారం ఎక్కడ కట్టాలి. చాలామంది కర్టెన్ రాడ్డుకి ముడేస్తారు, రాడ్డే ఊగుతుంది, ముడి జారుతుంది, రీడింగులు ఒకదానికొకటి కలవవు. దానికంటే పెన్సిల్ రబ్బరుకి బ్లేడుతో మధ్యలో గాటు పెట్టి (ఈ ఒక్క పని పెద్దవాళ్ళు చెయ్యండి) దారం అందులో దూర్చి, రబ్బరు అంచు కొంచెం బయటికి వచ్చేలా బీరువా మీద పెట్టి పైన లావుపాటి పుస్తకాలు పెట్టండి. డైనింగ్ టేబుల్ ఎత్తు మీటరు ఉండదు కాబట్టి పొడుగు దారానికి అది చాలదు, అందుకే బీరువా. దారం పొడవు రబ్బరు కింది అంచు నుంచి తాళంకప్ప మధ్యభాగం దాకా కొలవాలి, ముడి దాకా కాదు. నైలాన్ దారం వద్దు, సాగుతుంది. ఫ్యాన్ ఆపెయ్యండి.

కొంచెమే పక్కకి లాగి, తొయ్యకుండా ఊరికే వదలాలి. తోస్తే అది గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. వెనకున్న బీరువా తలుపు మీద, దారం నిలకడగా ఉన్నప్పుడు ఎక్కడుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీసి, లోలకం ఆ గీత దాటేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కితే లెక్క కచ్చితంగా వస్తుంది, ఎందుకంటే చివర్లో అది నెమ్మదిస్తుంది, ఎప్పుడు ఆగి తిరిగిందో కంటికి సరిగ్గా తెలీదు. అటు వెళ్ళి ఇటు వచ్చి, మళ్ళీ అదే వైపుకి గీత దాటితే ఒక ఊపు. స్టాప్‌వాచ్ నొక్కినప్పుడు "సున్నా" అనాలి. పిల్లలందరూ అక్కడే "ఒకటి" అనేస్తారు, దాంతో ఇరవై అనుకున్నవి పంతొమ్మిదే అవుతాయి. ఒక్క ఊపుకి టైం చూడకుండా ఇరవై ఊపులకి చూసి ఇరవైతో భాగించాలి, అప్పుడు వేలు నొక్కడంలో వచ్చే ఆలస్యం ఇరవై ముక్కలైపోతుంది.

ఇక అసలు ప్రశ్నలు. బరువు పెరిగితే ఊపు స్పీడవుతుందా? దాదాపు ప్రతి పిల్లాడూ, చాలామంది పెద్దవాళ్ళు కూడా అవునంటారు. ఖాళీ ఇంగువ డబ్బా తీసుకుని మరమరాలు నిండుగా పోసి ఒకసారి, ఇసుక నిండుగా పోసి ఇంకోసారి, దారం 50 సెంటీమీటర్లే ఉంచి చూడండి. రెండిటికీ ఇరవై ఊపులు 28 సెకన్ల చిల్లరే. మరమరాల డబ్బా గాలికి త్వరగా నీరసించి ఆగిపోతుంది, అది వేరే సంగతి, ఊగినంతసేపూ టైం మాత్రం అంతే. ఇక్కడ ఒక మోసం ఉంది. ఇసుక సగమే పోస్తే బరువు మధ్యలో ఉండకుండా డబ్బా అడుక్కి దిగుతుంది, అంటే లోలకం పొడవు మనకి తెలీకుండానే సెంటీమీటరో ఒకటిన్నరో పెరిగినట్టు, ఊపు కొంచెం నెమ్మదిస్తుంది. అప్పుడు పిల్లాడు "తేలికైతే స్లో" అని రాసేస్తాడు! అలా వస్తే తిట్టకండి, డబ్బా నిండుగా పోసి మళ్ళీ చెయ్యమనండి, తేడా మాయమవుతుంది. ఎందుకు మాయమైందో వాడే చెప్పాలి.

ఇప్పుడు పొడవు మార్చండి, తాళంకప్పతోనే. 25 సెంటీమీటర్లకి ఇరవై ఊపులు 20 సెకన్లు, 50కి 28, 75కి 35కి కాస్త తక్కువ, మీటరుకి 40. పొడవు రెట్టింపైతే టైం రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లయితే అయింది. ఒక్క ఊపు టైంని దానితోనే గుణించి చూడమనండి. వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగుకి దగ్గరగా వస్తాయి. వర్గమూలం ఇంకా నేర్చుకోని పిల్లకి కూడా ఇది కనిపిస్తుంది, గ్రాఫ్ కాగితం మీద ఒక వైపు పొడవు, ఇంకో వైపు ఈ గుణించిన అంకెలు పెట్టి గీస్తే తిన్నని గీత వస్తుంది. ఆ నాలుగు చుక్కలు ఒక గీత మీదకి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం చూడండి, ఏ అగ్నిపర్వతం పొంగినా ఆ మొహం రాదు.

మూడోది, ఎక్కువ పక్కకి లాగితే? గెలీలియో టైం మారదనే నమ్మాడు. కొద్దిగా లాగినంతవరకూ మన స్టాప్‌వాచ్‌కి కూడా అలాగే కనిపిస్తుంది. బాగా పైకి, 60 డిగ్రీల దాకా లాగి వదిలితే మాత్రం ఒక్కో ఊపు కొంచెం ఎక్కువ టైం తీసుకుంటుంది, ఇరవై ఊపులకి సెకను పైనే తేడా పడొచ్చు. 1656లో లోలకం గడియారం చేసిన హైగెన్స్ ఈ తేడా మీద చాలా పని చేశాడు. ఏడో తరగతి పిల్ల ఇంట్లో దారంతో అదే తేడా పట్టుకోగలదు, ఇంతకన్నా ఏం కావాలండీ.

"చూడ్డానికి ఏముంది సార్, తాళంకప్ప ఊగడమేగా, స్టాల్ దగ్గర ఎవరాగుతారు" అని మా స్టాఫ్ రూములోనే అంటారు. సరే, స్టాల్లో ఇలా చెయ్యండి. చూడటానికొచ్చినవాళ్ళనే 25కీ 100కీ మధ్య ఏదో ఒక పొడవు చెప్పమనండి. 36 అన్నారనుకుందాం. పిల్ల గ్రాఫులో అంకె చూసి, దేన్ని దానితోనే గుణిస్తే ఆ అంకె వస్తుందో లెక్కేసి, దాన్ని ఇరవైతో గుణించి "ఇరవై ఊపులకి 24 సెకన్లు" అని ముందే కాగితం మీద రాసి మడిచి వాళ్ళ చేతికిస్తుంది. తర్వాత వాళ్ళ ఫోన్లోనే టైం చూసుకోమంటుంది. కాగితం విప్పాక అక్కణ్ణుంచి ఎవరూ కదలరు, ఇంకో నంబరు చెప్తామంటారు.

హాల్లో ఫ్యాన్లు ఉంటాయి, స్టాలుకి మూడు వైపులా అట్ట అడ్డం పెట్టుకోండి. చార్టు మీద అందంగా రాసిన థియరీ బదులు రీడింగుల నోట్‌బుక్కే పెట్టండి, కొట్టివేతలతో సహా. పేరెంట్స్‌కి ఒక్క మాట, 28.4 రావాల్సిన చోట మీవాడికి 27 వచ్చిందా, దిద్దకండి. "సున్నా అన్నావా, ఒకటి అన్నావా" అని మాత్రం అడగండి. మిగతాది వాడు చూసుకుంటాడు.