ఖాళీగా వచ్చిన ఈసీని చూసి సంతోషించకండి

ఇంటి స్థలం కొనేవారిలో చాలామంది దస్తావేజు లేఖరి రాసిచ్చిన ముసాయిదా చేతికి రాగానే, అందులోని సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇచ్చి ఈసీ, అంటే స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, తీయిస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. ముసాయిదా సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి తీసే ఈసీని ఆ ముసాయిదాలోని అంకెలతోనే వెతికిస్తే, దానిలో ఉన్న తప్పు ఈసీలోకీ వస్తుంది. వెతకవలసిన వివరాలను అమ్మే వ్యక్తి పేరిట ఉన్న లింకు డాక్యుమెంటు, అంటే ఆయన కొన్నప్పటి పాత దస్తావేజు, అందులోని స్థల వివరాల షెడ్యూలు నుంచే తీసుకోవాలి.

రాజాం శివారులో మా బావగారు 200 గజాల స్థలం బేరం చేసినప్పుడు జరిగింది ఇదే. ముసాయిదాలో సర్వే నంబరు 64/3, ప్లాటు నంబరు 17 అని ఉంది. ఆ వివరాలతో తీసిన ఈసీలో ఒక్క లావాదేవీ కూడా లేదు. ఇంట్లో అందరూ స్థలం మీద ఏ చిక్కూ లేదని ఊరట చెందారు. అయితే అమ్ముతున్నాయన ఆ స్థలాన్ని 2009లో రిజిస్టరు దస్తావేజుతోనే కొన్నారు. అలాంటప్పుడు ఆ కొనుగోలైనా ఈసీలో కనిపించాలి కదా? అది కూడా లేదంటే ఆ ఈసీ ఈ స్థలానిది కాదన్నమాట. 2009 దస్తావేజు తెరిచి చూస్తే సర్వే నంబరు 64/2.

సరైన నంబరుతో మళ్లీ తీసిన ఈసీలో రెండు పద్దులు వచ్చాయి. మొదటిది 2009 నాటి క్రయం. రెండోది 2016లో ఒక బ్యాంకుకు హక్కు పత్రాలు డిపాజిట్ చేసి పెట్టిన తనఖా. దాని తరువాత విడుదల దస్తావేజు ఏదీ నమోదు కాలేదు. అప్పు ఎప్పుడో తీరిపోయిందని అమ్ముతున్నాయన చెప్పారు. కానీ ఆయన మాకు చూపించింది అసలు దస్తావేజు కాదు, రిజిస్ట్రేషను కార్యాలయం నుంచి తెచ్చిన సర్టిఫైడ్ కాపీ. అప్పు తీరితే అసలు కాగితం ఇంటికి చేరి ఉండాలి. విచారిస్తే కొంత బాకీ ఇంకా మిగిలే ఉంది. చివరకు ఆ మొత్తాన్ని క్రయ ధనంలోంచి నేరుగా బ్యాంకుకే కట్టించి, విడుదల దస్తావేజు నమోదయ్యాక, అసలు దస్తావేజు తీసుకుని రిజిస్ట్రేషనుకు వెళ్లారు. తనఖా పత్రం రిజిస్టరు కాని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఈసీలో ఏమీ కనిపించదు కనుక అసలు దస్తావేజును కళ్లారా చూడడమే దారి.

నంబరు దిద్దించాక షెడ్యూలును లింకు డాక్యుమెంటు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే సరిచూశాం. పాత దస్తావేజులో తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 50 అడుగులు. హెచ్చవేస్తే 1800 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 200 గజాలు. ముసాయిదాలో విస్తీర్ణం 200 గజాలనే రాసి, 36కు బదులు 33 అడుగులు వేశారు. ఆ కొలతకు వచ్చేది 183 గజాల పైచిలుకే. విస్తీర్ణం అంకె ఒక్కటే చూసి ఊరుకుంటే ఈ తేడా బయటపడదు. సంతకాలయ్యాక బయటపడితే సవరణ దస్తావేజుకు అమ్మినాయనే మళ్లీ వచ్చి సంతకం చేయాలి. డబ్బు ముట్టిన తరువాత ఆయన్ను పిలిపించడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. చెక్కుబందీలు కూడా అంతే: విస్తీర్ణానికీ స్పష్టమైన హద్దులకూ పొసగనప్పుడు సాధారణంగా హద్దులకే బలం ఎక్కువ కాబట్టి, నాలుగు దిక్కులూ స్థలం మీద నిలబడి సరిచూసుకోవాలి.

మన ప్రాంతంలో ఇంకో తేడా కనిపిస్తుంది, అది తప్పు కాదు. రాజాం 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2009 దస్తావేజులో శ్రీకాకుళం జిల్లా అనీ, ముసాయిదాలో విజయనగరం జిల్లా అనీ ఉండడం సహజమే. బొబ్బిలి వైపు 1950, 1979 మధ్య నాటి కాగితాల్లోనూ శ్రీకాకుళమే ఉంటుంది. రెండూ ఒకే స్థలమని తెలిసేలా షెడ్యూలులో ‘పూర్వపు శ్రీకాకుళం జిల్లా’ అని ఒక మాట చేర్పించాలి.

ఇంత చేసినా ఈసీ పరిధి ఈసీదే. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకాలు, వారసుల హక్కులు అందులో కనిపించవు. వీటికి మించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సంతకాలైన దస్తావేజును నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చు. రిజిస్టరైతే అది సంతకం చేసిన నాటి నుంచే చెల్లుతుంది. అంటే మనకంటే ముందు ఇంకొకరికి రాసిచ్చిన దస్తావేజు ఇంకా దాఖలు కాకుండా ఉంటే, ఈ రోజు తీసిన ఈసీలో దాని జాడే ఉండదు. అందుకే మా బావగారు రిజిస్ట్రేషను నాటి ఉదయం మరోసారి ఈసీ తీయించడంతో సరిపెట్టుకోలేదు, స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో చుట్టుపక్కల వారిని ముందే అడిగి వచ్చారు.