28 లక్షల లాభం కాదు, 7 లక్షల గుడ్‌విల్

“ఒక కంపెనీ ఇంకో కంపెనీని కలుపుకుంటే లెక్క చాలా సింపుల్. చిన్న కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోని ఆస్తుల్లోంచి అప్పులు తీసేయండి. ఇచ్చిన షేర్ల ముఖవిలువకు క్యాష్ కలిపితే కొన్న ధర. ధర ఎక్కువైతే నష్టం, దాన్నే గుడ్‌విల్ పేరుతో దాచేస్తారు. తక్కువైతే లాభం, అది కాపిటల్ రిజర్వ్, దాంట్లోంచి డివిడెండ్ కూడా పంచుకోవచ్చు. ఏ విలీనానికైనా ఇదే ఫార్ములా. అందరికీ ఫార్వర్డ్ చేయండి.”

కామర్స్ విద్యార్థుల గ్రూపుల్లోనూ, షేర్లు కొనేవాళ్ల గ్రూపుల్లోనూ ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. పూర్తిగా కల్పితమైతే కొట్టిపారేయడం తేలికే. చిక్కేమిటంటే ఇందులో సగం ముక్కలు ఒక పద్ధతికి, సగం ముక్కలు మరో పద్ధతికి చెందినవి. వాటిని కలిపి వేస్తే లెక్క ఎంత తప్పుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

కొనే కంపెనీ ఎస్‌ఎంఈ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన మధ్యస్థాయి సంస్థ అనుకోండి. ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు దానికి వర్తించవు, కాబట్టి విలీనాల లెక్క పాత ప్రమాణమైన ఏఎస్ 14 ప్రకారం రాస్తుంది. కలిసిపోయే చిన్న కంపెనీకి 10 రూపాయల షేర్లు 4 లక్షలు ఉన్నాయి, అంటే 40 లక్షల మూలధనం. జనరల్ రిజర్వ్ 22 లక్షలు, డిబెంచర్లు 20 లక్షలు, సరుకిచ్చినవాళ్లకు బాకీ 18 లక్షలు. ఆస్తుల వైపు భూమి, భవనం 30, యంత్రాలు 28, సరుకు 20, రావలసిన బాకీలు 15, నగదు 3, ఎప్పటిదో పాత గుడ్‌విల్ 4. రెండు వైపులా మొత్తం 100 లక్షలు.

ఒప్పందం ప్రకారం చిన్న కంపెనీలో ప్రతి 4 షేర్లకు పెద్ద కంపెనీ 10 రూపాయల షేర్లు 3 ఇస్తుంది, పైగా ఒక్కో షేరుకు 1 రూపాయి నగదు. అంటే 3 లక్షల షేర్లు, 4 లక్షల నగదు. పెద్ద కంపెనీ షేరు మార్కెట్ ధర 25 రూపాయలు.

మెసేజ్ లెక్క ప్రకారం ధర 30 లక్షలకు 4 కలిపి 34 లక్షలు. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే 62. కాబట్టి 28 లక్షల కాపిటల్ రిజర్వ్. వినడానికి ఎంత బాగుందో!

ముందు ధర సంగతి చూద్దాం. పర్చేజ్ కన్సిడరేషన్, తెలుగులో ప్రతిఫలం, అంటే విలీనమయ్యే కంపెనీ షేర్‌హోల్డర్లకు కొనే కంపెనీ ఇచ్చే షేర్లు, ఇతర సెక్యూరిటీలు, నగదు, ఇతర ఆస్తులు అన్నీ కలిపిన మొత్తం. ఆ షేర్లకు కట్టే విలువ ఫెయిర్ వాల్యూ. మార్కెట్‌లో ధర పలుకుతున్నప్పుడు ఆ ధరే దానికి ఆధారం. 25 రూపాయలు పలికే షేరును ఇస్తూ 10 రూపాయలే ఇచ్చామని రాస్తే కంపెనీ తక్కువకు కొన్నట్టు కాదు, ఖరీదు తగ్గించి రాసినట్టు. కాబట్టి షేర్ల రూపంలో 75 లక్షలు, నగదు 4 లక్షలు, మొత్తం 79 లక్షలు. అందులో 30 లక్షలు షేర్ క్యాపిటల్ ఖాతాకు, మిగతా 45 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు వెళతాయి.

ఇది చిన్న కంపెనీల ముచ్చటే అనుకోవద్దు. గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ 2020 ఏప్రిల్ 1న హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసింది. ఒక్కో షేరుకు 4.39 షేర్లు ఇచ్చారు. హిందుస్థాన్ యూనిలీవర్ షేరు ముఖవిలువ 1 రూపాయి. ఇచ్చినవి దాదాపు 18.5 కోట్ల షేర్లు కాబట్టి ముఖవిలువ లెక్కన ఖరీదు 18.5 కోట్లే అవ్వాలి. పుస్తకాల్లో రాసిన ప్రతిఫలం 40,242 కోట్లు. 2018 డిసెంబర్‌లో ఒప్పందం ప్రకటించినప్పుడు చెప్పిన విలువ సుమారు 31,700 కోట్లు. మార్పిడి నిష్పత్తి మారలేదు, మధ్యలో షేరు ధర పెరిగింది. ఆ కంపెనీ విలీనాలకు ఇండ్ ఏఎస్‌లో ఉన్న ప్రమాణం, ఇండ్ ఏఎస్ 103 పాటిస్తుంది కాబట్టి ప్రకటించిన రోజు ధర కాకుండా, కొనుగోలు పూర్తయిన రోజు ధర తీసుకుంది.

ధర దగ్గర పరీక్షల్లో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది. విలీనం తర్వాత చిన్న కంపెనీ డిబెంచర్‌హోల్డర్ల 20 లక్షలు పెద్ద కంపెనీయే తీర్చాలి కదా అని వాటిని కూడా ప్రతిఫలంలో కలిపేస్తారు. ప్రతిఫలం షేర్‌హోల్డర్లకు వెళ్లేది మాత్రమే. డిబెంచర్లు, పెద్ద కంపెనీ తన మీద వేసుకున్న అప్పుల్లో ఎలాగూ ఉన్నాయి. ఇక్కడ కూడా కలిపితే అదే బాకీని రెండుసార్లు లెక్కేసినట్టు, గుడ్‌విల్ ఏకంగా 20 లక్షలు ఉబ్బుతుంది. గుడ్‌విల్ మరీ పెద్దగా కనిపించి, ఆ తేడా ఏదో ఒక అప్పుకు సరిగ్గా సమానమైతే తప్పు ఇక్కడే ఉందని వెతకండి.

ఇక ఆస్తులు. విలీనం ‘కొనుగోలు స్వభావం’ కలది అయినప్పుడు ఆస్తుల్ని పుస్తక విలువకే తీసుకోవచ్చు, లేదా ఫెయిర్ వాల్యూకి తీసుకోవచ్చు. ఏఎస్ 14 రెండింటినీ ఒప్పుకుంటుంది. ఇండ్ ఏఎస్ 103 కొనుగోలు లెక్కలో అయితే కొద్ది మినహాయింపులు తప్ప ఫెయిర్ వాల్యూయే. మన కంపెనీ వాల్యుయర్‌ని పెట్టి చూపించుకుంది. ఎప్పుడో కొన్న భూమి, భవనం 54 లక్షలని తేలింది. యంత్రాలు పాతబడి 22కి దిగాయి. సరుకులో కదలనిది తీసేస్తే 19, వసూలు కాని బాకీ తీసేస్తే 14, నగదు 3. మొత్తం 112 లక్షలు.

పాత గుడ్‌విల్ 4 లక్షలు ఇందులో లేదు. చిన్న కంపెనీ ఎప్పుడో ఇంకొకరికి ఎక్కువ కట్టిన గుర్తు అది, ఇప్పుడు విడిగా అమ్మగల ఆస్తి కాదు. దాని విలువ ఏమన్నా మిగిలి ఉంటే కొత్త గుడ్‌విల్ లెక్కలోనే బయటపడుతుంది. పుస్తకాల్లో లేని ఒక బాకీ కూడా దొరికింది: ఉద్యోగుల గ్రాట్యుటీకి 2 లక్షలు కేటాయించలేదు. దాంతో అప్పులు 20, 18, 2 కలిపి 40. నికర ఆస్తులు 72 లక్షలు.

79లోంచి 72 తీస్తే గుడ్‌విల్ 7 లక్షలు. పద్దు కూడా సరిపోతుంది. ఆస్తులు 112, గుడ్‌విల్ 7 డెబిట్, మొత్తం 119. అప్పులు 40, బిజినెస్ పర్చేజ్ ఖాతా 79 క్రెడిట్, అదీ 119. మెసేజ్ చెప్పిన 28 లక్షల లాభం ఎటు పోయిందో వెతకనక్కర్లేదు, అది ఎప్పుడూ లేదు.

ఒక్క మెట్టు మాత్రం వదిలేశాను. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ అయితే, పన్ను లెక్కల్లో పాత విలువలే కొనసాగినప్పుడు పెరిగిన ఆస్తుల విలువ మీద డిఫర్డ్ ట్యాక్స్ అప్పు, అంటే ముందుముందు కట్టాల్సి వచ్చే పన్ను, రాయాలి, దాంతో గుడ్‌విల్ ఇంకొంచెం పెరుగుతుంది. బ్రాండ్, కస్టమర్ ఒప్పందాల లాంటివి చిన్న కంపెనీ పుస్తకాల్లో లేకపోయినా, గుర్తించగలిగితే విడిగా విలువ కట్టాలి. అప్పుడు గుడ్‌విల్ తగ్గుతుంది.

గుడ్‌విల్ అంటే దాచిన నష్టం అన్నమాటకు వద్దాం. ఆ 7 లక్షలకు పని తెలిసిన మనుషులు, నడుస్తున్న వ్యాపారం, రెండూ కలిస్తే తగ్గే ఖర్చులు వచ్చాయని కొనేవాళ్లు నమ్మారు. ఆ నమ్మకం తప్పు కావచ్చు. మొహమాటానికో, పోటీలోనో ఎక్కువ కట్టేసిన కేసులు కొల్లలు. కానీ నష్టం అవునో కాదో కొన్నరోజే తేలదు. అందుకే ఏఎస్ 14 ప్రకారం గుడ్‌విల్‌ను మామూలుగా ఐదేళ్లకు మించకుండా కొంచెం కొంచెంగా లాభనష్టాల ఖాతాకు రాసేస్తారు. ఇండ్ ఏఎస్‌లో అలా రాయరు. ఏటా ఇంపెయిర్‌మెంట్ పరీక్ష చేసి, విలువ పడిపోతే ఒక్కసారే తగ్గిస్తారు. ఇందులో దాపరికం ఏముంది? నోట్స్‌లో గుడ్‌విల్ కదలిక చూస్తే చాలు.

కాపిటల్ రిజర్వ్ విషయంలో మెసేజ్ చేసిన హాని ఎక్కువ. పై ఉదాహరణలో షేరు ధర 25 బదులు 22 అనుకోండి. ప్రతిఫలం 66కి 4 కలిపి 70 లక్షలు, నికర ఆస్తులు 72. ఇప్పుడు 2 లక్షల కాపిటల్ రిజర్వ్. షేరు 3 రూపాయలు తగ్గితే 7 లక్షల గుడ్‌విల్ పోయి 2 లక్షల రిజర్వ్ వచ్చింది. ఈ 2 లక్షలు బ్యాంకులో లేవు, భూమి విలువలోనో యంత్రాల విలువలోనో ఉన్నాయి. వ్యాపారం చేసి సంపాదించిన లాభం కాదు కాబట్టి ఇది డివిడెండ్‌కు పనికొచ్చే ఫ్రీ రిజర్వ్ కాదు. ఇండ్ ఏఎస్ 103 ఇంకా జాగ్రత్త పడింది. ఇలా తక్కువకు దొరికినట్టు కనిపిస్తే ముందు ఆస్తులు, అప్పులు అన్నీ సరిగ్గా గుర్తించారా, విలువలు సరిగ్గా కట్టారా అని మళ్లీ చూడమంటుంది. ఆ తర్వాతే తేడాను ఈక్విటీలో కాపిటల్ రిజర్వ్‌గా చూపించాలి, లాభనష్టాల ఖాతాలో కాదు.

మిగిలింది అన్నిటికీ ఒకే ఫార్ములా అన్న మాట. ముఖవిలువ, పుస్తక విలువ అనే ముక్కలు మెసేజ్‌లోకి ఎక్కడి నుంచి వచ్చాయో ఇక్కడ తెలుస్తుంది. ఏఎస్ 14లో ‘విలీన స్వభావం’ అనే రెండో రకం ఉంది. దానికి ఐదు షరతులు. ఆస్తులు, అప్పులు అన్నీ రావాలి. ముఖవిలువ లెక్కన కనీసం 90 శాతం ఈక్విటీ ఉన్నవాళ్లు కలుపుకునే కంపెనీలో ఈక్విటీ షేర్‌హోల్డర్లు కావాలి. ప్రతిఫలం ఈక్విటీ షేర్లలోనే ఉండాలి, ముక్క షేర్లకు మాత్రం నగదు ఇవ్వచ్చు. పాత వ్యాపారం కొనసాగించే ఉద్దేశం ఉండాలి. అకౌంటింగ్ విధానాలు ఒకటి చేయడానికి తప్ప పుస్తక విలువలు మార్చకూడదు. ఇవన్నీ కుదిరితే పూలింగ్ పద్ధతి: ఆస్తులు, అప్పులు, రిజర్వులు పాత విలువలతోనే వస్తాయి. ఇచ్చిన షేర్ల మూలధనానికి, రద్దయిన మూలధనానికి ఉన్న తేడా రిజర్వుల్లో సర్దుతారు. కొత్త గుడ్‌విల్ పుట్టదు. మన ఉదాహరణలో షేరుకు రూపాయి చొప్పున నగదు ఇచ్చారు కాబట్టి మూడో షరతు దగ్గరే ఆగిపోయింది.

హైదరాబాద్ సత్యం, మహీంద్రా సత్యంగా మారాక 2013లో టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు వాడింది ఈ పూలింగ్ పద్ధతే. 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. సత్యం షేరు ముఖవిలువ 2 రూపాయలు, టెక్ మహీంద్రాది 10. అంటే 34 రూపాయల మూలధనం పోయిన చోట 20 రూపాయల మూలధనం వచ్చింది. ఆ 14 రూపాయల తేడా రిజర్వుల సర్దుబాటు మాత్రమే, ఎవరికీ లాభం కాదు. ఇండ్ ఏఎస్ కంపెనీల్లో ఇప్పుడు పూలింగ్ వాడేది ఒకే యాజమాన్యం కింద ఉన్న కంపెనీలు కలిసినప్పుడు. కాబట్టి ఏదైనా విలీనం వార్త చదివాక ఎంత గుడ్‌విల్ వస్తుందని కాలిక్యులేటర్ తీసే ముందు, స్కీమ్ పత్రంలో అకౌంటింగ్ ట్రీట్‌మెంట్ అనే క్లాజు చూడండి. ఏ పద్ధతో అక్కడ రాసి ఉంటుంది.