మొత్తం కలిస్తే చాలట, ఏ బాకీ ఎంత పాతదో ఎవరికి కావాలి!

ఇప్పుడే మా ఫైనాన్స్ మేనేజర్ గారి మెసేజ్ వచ్చింది. ఏ బాకీ గడువు దాటి ఎన్ని రోజులైందో చూపే ఏజింగ్ రిపోర్ట్, మార్చి 31 నాటిది, పంపి గంట కూడా కాలేదు. "సేల్స్ వాళ్లు కూడా ఒక షీట్ పంపారు. మొత్తం రెంటిలోనూ ఒకటే. మరి పాత బాకీ మీ దాంట్లోనే ఎందుకంత ఎక్కువ? ఒకసారి సరిచూడండి." చూశారా, సరిచూసుకోవాల్సింది నేనేనట!

గొడవంతా ఒక్క కస్టమర్ గురించి. 45 రోజుల క్రెడిట్, మూడు బిల్లులు. డిసెంబర్ 10న 5 లక్షలు, జనవరి 20న 3 లక్షల 12 వేలు, ఫిబ్రవరి 20న 2 లక్షలు. మొదటిదాని గడువు జనవరి 24న తీరింది, అంటే మార్చి 31కి 66 రోజుల ఓవర్‌డ్యూ. రెండోదాని గడువు మార్చి 6. మూడోది ఏప్రిల్ 6, దానికింకా టైముంది. ఇక్కడే కొందరు మహానుభావులు గడువు తేదీ వదిలేసి బిల్లు తేదీ నుంచి లెక్కేస్తారు. అప్పుడు మొదటి బిల్లుకు 111 రోజులొచ్చి, 61–90 రోజుల కాలమ్‌లో ఉండాల్సింది 90 దాటినవాటిలో కూర్చుంటుంది. ఇంకా కట్టాల్సిన అవసరమే లేని మూడో బిల్లు కూడా 39 రోజుల పాత బాకీలా కనిపిస్తుంది. కస్టమర్‌కి ఫోన్ చేసి నిలదీస్తే తిట్టడా మరి?

సరే, అసలు విషయం. మార్చి 15న ఆ కస్టమర్ 3 లక్షల 12 వేలు కట్టాడు. ఏ బిల్లుకో చెప్పలేదు. రెండో బిల్లు ఎంత? 3 లక్షల 12 వేలు. దీనికి డిటెక్టివ్ కావాలా? అయినా నేను ఊహించి వేసేయలేదు, ఏ బిల్లుకో రాసి పంపమని మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా ఆ డబ్బును ఏ బిల్లుకూ తగిలించకుండా విడి కాలమ్‌లో చూపించాను. సేల్స్ షీట్‌లో మాత్రం అన్నిటికంటే పాత బిల్లులోంచి కొట్టేశారు. దాంతో 61–90లో 5 లక్షలు ఉండాల్సిన చోట 1 లక్షా 88 వేలే మిగిలింది. సరిగ్గా అంతే మొత్తం ఉన్న రెండో బిల్లేమో, దానికి పైసా రానట్టు 25 రోజుల ఓవర్‌డ్యూగా కూర్చుంది. ఎలా చూసినా కస్టమర్ బాకీ 7 లక్షలే. లెడ్జర్‌తో కలుస్తుంది, అందరూ హ్యాపీ!

కానీ ఆ 5 లక్షలు అతను ఎందుకు కట్టలేదు? సరుకు తక్కువొచ్చిందని. అది వివాదంలో ఉన్న బిల్లు. వచ్చిన ప్రతి పైసానూ పాత బిల్లుకే కొడుతూ పోతే, ఆ వివాదం వచ్చే నెల రెండో బిల్లు మీదికి, ఆపై నెల మూడో బిల్లు మీదికి జరుగుతుంది. కస్టమర్ కొత్త బిల్లులు కడుతున్నంత కాలం ఆ బాకీకి వయసే పెరగదు, నిత్య యవ్వనం! రానిబాకీల ప్రొవిజన్, అంటే రాకపోవచ్చని ముందే నష్టంగా లెక్కేసే మొత్తం, వేసేది ఈ వయసు చూసే కదా. డబ్బు రాదని తెలిసేసరికి రిపోర్ట్‌లో అది ఇంకా 1–30లోనే నవ్వుతూ ఉంటుంది.

అన్నట్టు, ఆ షీట్‌లో రిపోర్ట్ తేదీ ఉండాల్సిన గడిలో ఏముందో తెలుసా? `=TODAY()`, ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ! మార్చి 31 రిపోర్ట్‌ను ఏప్రిల్ 7న తెరిస్తే మూడో బిల్లు కూడా ఓవర్‌డ్యూ అయిపోతుంది. ఉదయం ప్రింట్ తీసింది ఒకటి, వారం తర్వాత మీటింగ్‌లో తెరమీద కనిపించేది ఇంకొకటి. అప్పుడు కూడా "అకౌంట్స్ వాళ్ల అంకెలు రోజుకోలా ఉంటాయి" అంటారు.

ఇంతకీ సరుకు తక్కువొచ్చిన సంగతి మాకెలా తెలిసింది? సేల్స్ చెప్పారనుకుంటున్నారా? కస్టమర్ అకౌంటెంట్ చెప్పాడు! "తక్కువొచ్చినదానికి బిల్లు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇస్తానని మీ సేల్స్ ఆయన జనవరిలోనే అన్నారు కదండీ" అని. ఇస్తానన్నది నోటిమాట. మెయిల్ లేదు, కాగితం లేదు, మాకు కబురూ లేదు. ఎప్పుడూ ఇంతే. ఒకరికి 45 రోజులు 60 చేస్తారు, ఇంకొకరికి డిస్కౌంట్ ఒప్పుకుంటారు, సిస్టమ్‌లో ఒక్క ముక్క మారదు. మేం ఫోన్ చేస్తే "మా కస్టమర్‌ని ఎందుకు ఇబ్బంది పెడుతున్నారు" అని మా మీదే ఫిర్యాదు. టార్గెట్ కొట్టినప్పుడు కేకు వాళ్లకి, డబ్బు రాకపోతే మెసేజ్ నాకు.

మేనేజర్ గారికి అదే రిపోర్ట్ ఒక్క అంకె మార్చకుండా మళ్లీ పంపాను. రిమార్క్స్ కాలమ్ మాత్రం కొత్తగా పెట్టాను. ఆ 5 లక్షల ఎదురుగా, క్రెడిట్ నోట్ ఇస్తానని మాటిచ్చిన పెద్దమనిషి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను.