సవరణ: అత్యవసర కాల్‌లో మొదటి మాట

“ముందు పేరు, తర్వాత జరిగింది చెప్పమన్నారు. మధ్యలో లైన్ కట్ అయితే అంబులెన్స్ వాళ్లు ఎక్కడికి వస్తారండీ?” అని ఒక పాఠకుడు అడిగారు.

ముందు పేరు చెప్పమని ఇంతకుముందు నేను రాసింది తప్పు. ముందు చోటు చెప్పాలి, ఆ వెంటనే ఏం జరిగిందో, ఏం కావాలో చెప్పాలి. “హలో, నమస్తే అండీ, నేను...” అంటూ మొదలుపెడితే విలువైన సెకన్లు పోతాయి.

ఇలా చెప్పండి: “బస్టాండ్ వెనక వీధి, నీలం గేటు, రెండో అంతస్తు. నాన్నగారు పడిపోయారు, ఊపిరి ఆడట్లేదు. అంబులెన్స్ కావాలి.” ఇక్కడ కాల్ తెగినా బండి బయల్దేరగలదు. ఫోన్ లొకేషన్ వాళ్లకు కనిపించినా, అది చాలాసార్లు చుట్టుపక్కల ప్రాంతాన్నే చూపిస్తుంది, అంతస్తు తెలియదు. టెన్షన్‌లో చిరునామా గుర్తు రాకపోతే ఎదురుగా కనిపించే బోర్డు చదవండి. పేరు, నంబరు వాళ్లు అడిగినప్పుడు చెప్పొచ్చు. వాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకండి.